అమ్మిన ధర వాళ్లకు తెలుసు, కొన్న ధర మీరే చూపించాలి: షేర్లు, క్రిప్టో లాభాల మీద పన్ను లెక్క

ఏటా జూన్ వచ్చేసరికి మా పిన్ని కొడుకు, వాడి స్నేహితులు ఫోన్లు పట్టుకుని నా దగ్గరికి వస్తారు. యాప్ తెరిచి, ఆకుపచ్చ రంగులో ఉన్న అంకె చూపించి, "అన్నయ్యా, లాభం ఇంతే, రిటర్న్ వేసెయ్" అంటారు. ఆ అంకెతో రిటర్న్ వేయడం కుదరదు. అందులో ఇంకా అమ్మకుండా ఉంచుకున్న వాటి విలువ కూడా కలిసి ఉంటుంది. పన్ను పడేది అమ్మిన వాటి మీద. అదీ ఏది ఎప్పుడు కొన్నారు, ఎంతకు కొన్నారు, ఎప్పుడు అమ్మారు అన్న లెక్క ఒక్కోదానికి విడిగా తీశాకే.

ముందు ఒక విషయం మనసులో పెట్టుకోండి. మీరు షేర్లు అమ్మితే ఆ సమాచారం డిపాజిటరీల ద్వారా ఆదాయపు పన్ను శాఖకు వెళ్తుంది. భారతీయ ఎక్స్ఛేంజీలో క్రిప్టో అమ్మితే 1 శాతం టీడీఎస్ కోతతో పాటు అమ్మకం విలువ కూడా వెళ్తుంది. ఇవన్నీ మీ పాన్ కింద ఏఐఎస్‌లో, అంటే వార్షిక సమాచార నివేదికలో కనిపిస్తాయి. క్రిప్టో విషయంలో మీరు దాన్ని ఎంతకు కొన్నారన్నది మాత్రం అక్కడ ఉండదు. అది రుజువు చేసే భారం మీదే.

ఇక్కడ చెప్పే రేట్లన్నీ 2025-26 ఆర్థిక సంవత్సరానివి, భారతదేశంలో నివసించే వాళ్లకు వర్తించేవి. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి రావడంతో సెక్షన్ నంబర్లు మారాయి. అందుకే నంబర్ల జోలికి పోకుండా లెక్క ఎలా నడుస్తుందో చెబుతాను.

మొదటి పని: మూడు కుప్పలుగా విడదీయండి

ఏడాదిలో చేసిన ట్రేడ్లన్నీ ముందు మూడు కుప్పలు చేయండి. డెలివరీ తీసుకుని అమ్మిన షేర్లు ఒక కుప్ప. అదే రోజు కొని అమ్మేసే ఇంట్రాడే, ఫ్యూచర్స్, ఆప్షన్స్ అనే ఎఫ్ అండ్ ఓ రెండో కుప్ప. క్రిప్టో మూడోది. ఒక కుప్ప రూల్ ఇంకో కుప్పకు పనికిరాదు. చాలామంది తప్పు ఇక్కడే మొదలవుతుంది. అన్నీ కలిపి "ఈ ఏడు మొత్తం మీద నష్టమే, పన్నేముంటుంది" అనుకుంటారు.

రెండో కుప్ప గురించి రెండు మాటలు చాలు. ఇంట్రాడే, ఎఫ్ అండ్ ఓ లాభాలు వ్యాపార ఆదాయం కింద వస్తాయి, మీ జీతంతో కలిపి శ్లాబు ప్రకారం పన్ను పడుతుంది, ఐటీఆర్-3 వేయాలి. ఇంట్రాడేని స్పెక్యులేషన్ కింద చూస్తారు కాబట్టి దాని నష్టాన్ని అలాంటి లాభంలోనే తీసేసుకోవాలి. ఇక్కడి నుంచి మిగతా రెండు కుప్పల సంగతే చూద్దాం.

రెండో పని: షేర్లను లాట్ల వారీగా చూడండి

లిస్టయిన షేరు 12 నెలలకు మించి మీ దగ్గరుంటే దీర్ఘకాలికం, లేకపోతే స్వల్పకాలికం. స్వల్పకాలిక లాభం మీద 20 శాతం. దీర్ఘకాలికంలో ఏడాదికి మొత్తం 1,25,000 రూపాయల దాకా పన్ను లేదు, ఆపైన దాని మీద 12.5 శాతం. 2024 జులై 23న వచ్చిన రేట్లివి. అంతకుముందు 15, 10 శాతాలు ఉండేవి. పాత వ్యాసాలు చదివి లెక్క వేసుకునేవాళ్లు ఇప్పటికీ కనిపిస్తుంటారు, జాగ్రత్త. పన్ను మీద ఇంకో 4 శాతం సెస్సు కలుస్తుంది.

ఒకే కంపెనీ షేర్లు మీరు నాలుగు సార్లు కొని ఉంటే అవి నాలుగు లాట్లు. అమ్మినప్పుడు ఏవి వెళ్లినట్టు? డీమ్యాట్‌లో ముందు వచ్చినవే ముందు వెళ్లినట్టు లెక్క. "మొన్న కొన్నవే అమ్మాను, పాతవి అలాగే ఉంచాను" అనడానికి లేదు. ఈ వరుస ఒక్కో డీమ్యాట్ అకౌంటుకు విడిగా నడుస్తుంది. అందుకే కొన్న తేదీలన్నీ ఉంటే తప్ప లాభం దీర్ఘకాలికమో స్వల్పకాలికమో తేలదు.

బోనస్ షేర్లు వచ్చినప్పుడు ఈ తేదీల విలువ ఇంకా బాగా తెలుస్తుంది. ఒక ఉదాహరణ పూర్తిగా వేసి చూద్దాం. 2023 జూన్‌లో మీరు 100 షేర్లు ఒక్కోటి 400కి కొన్నారు. పెట్టుబడి 40,000. 2025 ఫిబ్రవరిలో ఒకటికి ఒకటి బోనస్ ఇచ్చారు, మీ దగ్గర 200 అయ్యాయి. 2025 నవంబర్‌లో మొత్తం 200 షేర్లనూ ఒక్కోటి 300కి అమ్మారు. చేతికొచ్చింది 60,000. మీ లెక్కలో లాభం 20,000, రెండేళ్లు దాటింది కాబట్టి దీర్ఘకాలికం, 1,25,000 లోపే ఉంది కాబట్టి పన్ను సున్నా. ఇలా అనుకోవడం సహజమే.

చట్టం లెక్క వేరు. మొదట కొన్న 100 షేర్లకు వచ్చింది 30,000, ఖర్చు 40,000. అంటే 10,000 దీర్ఘకాలిక నష్టం. బోనస్‌గా వచ్చిన 100 షేర్ల కొన్న ధర సున్నా. వాటి వయసు బోనస్ మీకు కేటాయించిన రోజు నుంచే మొదలవుతుంది. తొమ్మిది నెలలే అయింది కాబట్టి 30,000 మొత్తం స్వల్పకాలిక లాభం. దీర్ఘకాలిక నష్టాన్ని స్వల్పకాలిక లాభంలో తీసేసుకోనివ్వరు. 30,000 మీద 20 శాతం అంటే 6,000, సెస్సు 240 కలిపి 6,240 కట్టాలి. అవే బోనస్ షేర్లను 2026 మార్చిలో అదే ధరకు అమ్మి ఉంటే రెండు లాట్లూ దీర్ఘకాలికమయ్యేవి, 30,000లో 10,000 నష్టం పోయి 20,000 మిగిలేది, పన్ను పడేది కాదు. బోనస్ కేటాయించిన తేదీ ఒక చోట రాసిపెట్టుకుని ఉంటే 6,240 రూపాయలు మిగిలేవి.

స్ప్లిట్ ఇలా కాదు. ఒక షేరు ఐదు ముక్కలైతే పాత ధరే ఐదు భాగాలవుతుంది, కొన్న తేదీ పాతదే ఉంటుంది. రెండింటినీ కలిపేయకండి.

ఆ 10,000 నష్టం వృథా పోదు. రిటర్న్ గడువు లోపల వేస్తే ఎనిమిదేళ్ల దాకా ముందుకు తీసుకెళ్లి, రాబోయే దీర్ఘకాలిక లాభాల్లో తీసేసుకోవచ్చు. స్వల్పకాలిక నష్టమైతే ఇంకా మేలు, రెండు రకాల లాభాల్లోనూ తీసుకోవచ్చు. కానీ గడువు దాటాక వేస్తే ఆ హక్కు పోతుంది. "ఈ ఏడు నష్టమే కదా, రిటర్న్ ఎందుకు" అని ఊరుకునేవాళ్లు ఇక్కడే నష్టపోతారు.

బ్రోకరేజీ లాంటి ఛార్జీలు లాభంలోంచి తీసేయవచ్చు, షేర్ల లావాదేవీల మీద పడే పన్ను ఎస్టీటీని మాత్రం తీయకూడదు. ఇది మీ బ్రోకర్ ఇచ్చే ట్యాక్స్ పీ అండ్ ఎల్ రిపోర్టులో విడిగానే ఉంటుంది. ఆ రిపోర్టును పూర్తిగా నమ్మకూడని సందర్భం ఒకటుంది. షేర్లను ఒక డీమ్యాట్ నుంచి ఇంకో డీమ్యాట్‌కు మార్చుకున్నప్పుడు కొత్త బ్రోకర్‌కు మీరు కొన్న ధర తెలియదు. ఆ గడి ఖాళీగా ఉంటుంది, లేదా మార్చిన రోజు ధర పెట్టేసి ఉంటుంది. పాత అకౌంటు మూసే ముందే దాని ట్రేడ్‌బుక్, కాంట్రాక్ట్ నోట్లు దించుకోవాలని చెప్పేది అందుకే.

మూడో పని: క్రిప్టోలో ప్రతి మార్పిడినీ అమ్మకంగా రాయండి

క్రిప్టో రూల్ చిన్నదే, కానీ కఠినమైనది. లాభం మీద 30 శాతం, పైన సెస్సు. ఎన్నేళ్లు దాచుకున్నా అదే రేటు. కొన్న ధర తప్ప ఇంకే ఖర్చూ తీయనివ్వరు, అమ్మేటప్పుడు ఎక్స్ఛేంజీ తీసుకున్న ఫీజు కూడా. ఒక కాయిన్‌లో వచ్చిన నష్టాన్ని ఇంకో కాయిన్ లాభంలో తీసేసుకోలేం. షేర్ల లాభంలోనూ తీసుకోలేం, వచ్చే ఏడాదికీ తీసుకెళ్లలేం. 2022 ఏప్రిల్ 1 నుంచి ఇదే పద్ధతి.

అసలు చిక్కు మార్పిడిలో ఉంది. బిట్‌కాయిన్ ఇచ్చి ఈథర్ తీసుకుంటే చేతికి రూపాయి రాదు. అయినా ఆ క్షణంలో బిట్‌కాయిన్ అమ్మినట్టే, ఆ విలువకు ఈథర్ కొన్నట్టే. యూఎస్‌డీటీ కూడా అంతే. "అది డాలర్ లాంటిదే కదా, రూపాయల్లోకి మార్చినప్పుడు చూసుకుందాం" అనేవాళ్లను చాలామందిని చూశాను. చట్టం దృష్టిలో యూఎస్‌డీటీ కూడా ఒక క్రిప్టోనే. యూఎస్‌డీటీ పెట్టి నెలకు రెండు వందల ట్రేడ్లు చేస్తే రెండు వందల లావాదేవీలకూ రూపాయల్లో విలువ కట్టాలి.

అంకెలు పెట్టి చూద్దాం, ఫీజులు పక్కన పెడదాం. ఏప్రిల్‌లో 2,00,000 పెట్టి బిట్‌కాయిన్ కొన్నారు. ఆగస్టు ఆఖరుకు దాని విలువ 2,60,000 అయినప్పుడు మొత్తం ఈథర్‌లోకి మార్చారు. డిసెంబర్‌లో ఈథర్ పడిపోతే భయపడి 1,90,000కి అమ్మేశారు. రెండు లక్షలు పెడితే లక్షా తొంభై వచ్చింది, మొత్తం మీద 10,000 పోయింది.

ఇప్పుడు పన్ను. ఆగస్టు మార్పిడిలో లాభం 60,000. 30 శాతం అంటే 18,000, సెస్సు 720, మొత్తం 18,720. డిసెంబర్‌లో ఈథర్ మీద పోయిన 70,000 ఎక్కడా లెక్కలోకి రాదు. పోగొట్టుకున్నది 10,000, పైన కట్టాల్సిన పన్ను 18,720. మార్పిడికి 2,600, అమ్మకానికి 1,900 టీడీఎస్ ముందే కోసి ఉంటారు కాబట్టి ఆ 4,500 పోగా 14,220 ఇంకా కట్టాలి. ఈ లెక్క మొదటిసారి వేసి చూపించినప్పుడు మా వాడి ముఖం పాలిపోయింది. వాడు చేసిన పొరపాటు ఏమీ లేదు, మార్పిడి అంటే అమ్మకమని తెలియదంతే.

ఇదే కేసులో రికార్డులు లేవనుకోండి. టీడీఎస్ వల్ల శాఖకు కనిపించేవి రెండు అమ్మకాలు: 2,60,000, 1,90,000. కొన్న ధర ఒక్కదానికీ చూపించలేకపోతే మొత్తం 4,50,000నూ లాభంగా లెక్కగట్టే ప్రమాదం ఉంది. దాని మీద 30 శాతం 1,35,000, సెస్సుతో 1,40,400. కాగితం ఉంటే 18,720, లేకపోతే లక్షా నలభై వేలు. షేర్లలోనూ ఈ ఇబ్బంది ఉంది గానీ ఇంత ఘోరంగా ఉండదు, ఎందుకంటే డిపాజిటరీ, బ్రోకర్, బ్యాంకు ముగ్గురి దగ్గరా ఏదో ఒక ఆనవాలు మిగులుతుంది.

ఇంకో అపోహ గురించి కూడా చెప్పాలి. "కొత్త విధానంలో 12 లక్షల దాకా పన్ను లేదు కదా" అంటారు. ఆ రిబేటు ఇలా ప్రత్యేక రేటు పడే ఆదాయాలకు వర్తించదు. షేర్ల విషయంలో కనీసం ఒక ఊరట ఉంది. వేరే ఆదాయం 4 లక్షల మినహాయింపు పరిమితికి చేరని వాళ్లు ఆ పరిమితిలో మిగిలిన భాగాన్ని షేర్ల లాభాలకు వాడుకోవచ్చు. క్రిప్టోకు ఆ ఊరటా లేదు. ఏ ఆదాయమూ లేని విద్యార్థికి 60,000 క్రిప్టో లాభం వచ్చినా 18,720 కట్టాల్సిందే. అలాగే భార్య పేరు మీద మీ డబ్బు పెట్టి ట్రేడ్ చేస్తే ఆ లాభం తిరిగి మీ ఆదాయంలోనే కలుస్తుంది.

నాలుగో పని: ట్రేడ్ చేసిన రోజే ఒక వరుస రాయండి

ఎక్సెల్ షీట్ చాలు. ఒక్కో లావాదేవీకి ఒక వరుస, మార్పిడికి మాత్రం రెండు. పై ఉదాహరణ షీట్‌లో ఇలా ఉంటుంది:

```
date,type,asset,qty,inr_value,tds,platform
2025-04-21,BUY,BTC,0.0270,200000,0,A
2025-08-30,SWAP_OUT,BTC,0.0270,260000,2600,A
2025-08-30,SWAP_IN,ETH,0.6720,260000,0,A
2025-12-04,SELL,ETH,0.6720,190000,1900,A
```

రెండో, మూడో వరుసల్లో రూపాయల విలువ ఒకటే ఉండటం చూడండి. బిట్‌కాయిన్‌కు అది అమ్మిన ధర, ఈథర్‌కు అదే కొన్న ధర. ఈ ఒక్క అంకె రాసుకోకపోతే రెండు లావాదేవీలూ చెడిపోతాయి. ఆర్నెల్ల తర్వాత ఆ గంటలో ధరెంతో వెతుక్కోవడం చాలా కష్టం, దొరికినా ఒక్కో సైటులో ఒక్కో ధర ఉంటుంది.

ఎక్స్ఛేంజీ నుంచి మీ సొంత వాలెట్‌కు పంపుకుంటే అది అమ్మకం కాదు, పన్ను లేదు. కానీ దాన్ని కూడా రాయండి, లావాదేవీ హ్యాష్‌తో సహా. లేకపోతే ఎక్స్ఛేంజీ రికార్డులో కాయిన్ వెళ్లిపోయినట్టు, వాలెట్‌లో ఉచితంగా ఊడిపడినట్టు కనిపిస్తుంది. రెండేళ్ల తర్వాత అమ్మినప్పుడు దాని కొన్న ధర ఏదని అడిగితే దారం తెగిపోయి ఉంటుంది.

ఒకే కాయిన్‌ను పలుమార్లు కొని కొంత అమ్మితే ఏది ముందు వెళ్లినట్టు లెక్కించాలి? షేర్లకు ఉన్నట్టు క్రిప్టోకు స్పష్టమైన రూల్ ఏదీ రాసి లేదు. ముందు కొన్నది ముందు అమ్మినట్టు తీసుకోవడం నయం, అడిగితే చెప్పుకోవడానికి సులువు. కానీ ఏ పద్ధతి పట్టుకుంటే దాన్నే ఏటా కొనసాగించండి. లాభం తగ్గించుకోవడానికి ఒక ఏడాది ఒకలా, ఇంకో ఏడాది ఇంకోలా చేస్తే అడిగినప్పుడు జవాబు ఉండదు.

ఐదో పని: ఫైళ్లు దించి మీ దగ్గరే పెట్టుకోండి

యాప్‌లో ఎలాగూ ఉంటాయి కదా అనే ధైర్యం మీద ఉండకండి. 2023 డిసెంబర్ 28న ఆర్థిక నిఘా విభాగం తొమ్మిది విదేశీ క్రిప్టో ఎక్స్ఛేంజీలకు షోకాజ్ నోటీసులిచ్చింది. తర్వాతి నెలలో వాటి యాప్‌లు, సైట్లు ఇక్కడ తెరుచుకోవడం ఆగిపోయింది. అందులో కొన్ని తర్వాత రిజిస్టర్ చేసుకుని తిరిగొచ్చాయి గానీ, రిటర్న్ వేసే వేళకు చరిత్ర దొరక్క ఇబ్బంది పడినవాళ్లు నాకు తెలుసు. 2024 జులై 18న వజీర్‌ఎక్స్‌లో దాదాపు 23 కోట్ల డాలర్ల విలువైన క్రిప్టో చోరీ అయి, లావాదేవీలు నెలల తరబడి నిలిచిపోయాయి. రికార్డు అంతా ఒకే చోట ఉంచి, ఆ చోటు మూతపడితే ఏం చేస్తారు?

మూడు నెలలకోసారి దించుకుంటే సరిపోతుంది. షేర్లకు ట్రేడ్‌బుక్, ట్యాక్స్ పీ అండ్ ఎల్, కాంట్రాక్ట్ నోట్లు. క్రిప్టోకు మొత్తం ట్రేడ్ హిస్టరీ, డిపాజిట్లు, విత్‌డ్రాయల్స్, టీడీఎస్ సర్టిఫికెట్. పీడీఎఫ్ కన్నా సీఎస్‌వీ మేలు, లెక్క వేసుకోవడానికి వీలుగా ఉంటుంది. స్క్రీన్‌షాట్ మీద మాత్రం ఆధారపడకండి, అందులో లావాదేవీ నంబరు చాలాసార్లు ఉండదు.

ఎన్నేళ్లు దాచాలి అని అడుగుతారు. ఏళ్లు లెక్కపెట్టాల్సింది కొన్న రోజు నుంచి కాదు, అమ్మిన ఏడాది నుంచి. 2019లో కొన్న షేరును 2030లో అమ్మితే 2019 నాటి కాంట్రాక్ట్ నోట్ అప్పుడు కావాలి, ఆ రిటర్న్ మీద నోటీసు వచ్చే గడువు తీరేదాకా కూడా ఉండాలి. అమ్మకం ఉన్న సంవత్సరం ముగిశాక ఎనిమిదేళ్లు ఉంచుకోమని నేను చెబుతాను. నష్టం ముందుకు తీసుకెళ్తుంటే మాత్రం, ఆ నష్టం వాడుకున్న రిటర్న్ మీద నోటీసు గడువు తీరేదాకా ఉంచండి.

ఆరో పని: ఏఐఎస్‌తో సరిపోల్చి, తర్వాత ఫారం తెరవండి

incometax.gov.in లో లాగిన్ అయి ఏఐఎస్, మీ పాన్ మీద కోసిన టీడీఎస్ చూపించే 26ఏఎస్ రెండూ దించుకోండి. మీ షీట్‌లోని టీడీఎస్ మొత్తం 26ఏఎస్‌తో పైసలతో సహా కలవాలి. కలవకపోతే ఏదో ఒక ట్రేడ్ మీరు రాయలేదన్నమాట, లేదా ఎక్స్ఛేంజీ ఇంకా జమ చేయలేదు. షేర్ల అమ్మకం విలువ ఏఐఎస్‌లో మీ కాంట్రాక్ట్ నోట్ కన్నా కొద్దిగా అటూఇటూ ఉండొచ్చు, దానికి కంగారు పడనక్కర్లేదు, కాంట్రాక్ట్ నోట్‌లో ఉన్నదే వేయండి. పూర్తిగా మీది కాని ఎంట్రీ కనిపిస్తే అక్కడే ఫీడ్‌బ్యాక్ ఇవ్వండి.

క్రిప్టో ఉంటే ఐటీఆర్-1 పనికిరాదు, 2 గానీ 3 గానీ వేయాలి. అందులో షెడ్యూల్ వీడీఏ అని క్రిప్టో కోసం విడిగా ఒక పట్టిక ఉంటుంది. ఒక్కో అమ్మకానికి కొన్న తేదీ, అమ్మిన తేదీ, కొన్న ధర, వచ్చిన విలువ అడుగుతుంది. మీ షీట్‌లో ఇవి ఉంటే అరగంట పని. నష్టం వచ్చిన వరుసలను వదిలేయకండి. అవి పన్ను తగ్గించవు గానీ, ఆ అమ్మకాలు ఏఐఎస్‌లో ఉన్నాయి కాబట్టి మీ రిటర్న్‌లోనూ కనిపించాలి.

ఇప్పటికే రికార్డు పోయి ఉంటే

మా పిన్ని కొడుకు వాడిన చిన్న ఎక్స్ఛేంజీ ఒకటి మూతపడింది. ఇద్దరం కూర్చుని దొరికినవన్నీ పోగేశాం. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో యూపీఐ ద్వారా పంపిన డబ్బు తేదీలతో సహా దొరికింది. మెయిల్‌లో "ఆర్డర్ పూర్తయింది" అన్న సందేశాలు కొన్ని మిగిలాయి. 26ఏఎస్‌లో టీడీఎస్ ఎంట్రీల నుంచి అమ్మకం విలువలు తెలిశాయి. మధ్యలో చేసిన మార్పిడులు మాత్రం సగానికి పైగా దొరకలేదు. దొరికిన వాటికి రుజువు జతచేసి, దొరకని వాటికి కొన్న ధర సున్నాగా వేసి పన్ను కట్టించాను. బాధ కలిగింది, కానీ చూపించలేని అంకె రాయడం నాకు ఇష్టం లేదు.

మీకూ ఇలా జరిగితే ముందు ఎక్స్ఛేంజీకి మెయిల్ పెట్టి మీ పూర్తి హిస్టరీ అడగండి, జవాబు రాకపోయినా ఆ మెయిల్ దాచండి. పాత ఏడాది లాభం అసలు చూపించనే లేదంటే అప్‌డేటెడ్ రిటర్న్ వేసే వీలుంది. అసెస్‌మెంట్ సంవత్సరం ముగిశాక నాలుగేళ్ల దాకా సమయముంటుంది, కానీ పన్ను, వడ్డీల మీద అదనంగా మొదటి ఏడాదిలో 25 శాతం, ఆలస్యమయ్యే కొద్దీ 50, 60, 70 శాతం కట్టాలి. నష్టం చూపించడానికి, రీఫండ్ అడగడానికి దాన్ని వాడలేరు. కాబట్టి ఏ ఏడాదిది వేయాలో తేల్చుకునే ముందు బ్యాంకు స్టేట్‌మెంట్లు, మెయిళ్లు, 26ఏఎస్ ఈ మూడూ ఒక ఫోల్డర్‌లో పెట్టి, పైన చూపించిన షీట్ పాత తేదీల నుంచి నింపడం మొదలుపెట్టండి.